రెండు బాండ్ల మధ్య దాగిన ధరల లెక్క

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ మార్కెట్లో భారత ప్రభుత్వ రుణపత్రాలు రెండు రకాలుగా దొరికేవి. ఒకదాని మీద వడ్డీ బంగారంతో ముడిపడ్డ పౌండ్లలో వచ్చేది. రెండోదాన్ని రూపాయి పత్రం అనేవారు. దాని వడ్డీ వెండి రూపాయల్లో వచ్చేది. అప్పు తీసుకున్నది ఒకే ప్రభుత్వం. ఎగ్గొడుతుందన్న భయం ఉంటే రెండిటికీ ఉండాలి, లేకపోతే రెండిటికీ ఉండకూడదు. అయినా ఈ రెండు పత్రాల మీద రాబడి ఒకేలా ఉండేది కాదు.

కారణం వెండిలో ఉంది. 1870ల మొదట్లో రూపాయికి రెండు షిల్లింగుల దాకా, అంటే 24 పెన్నీల దాకా వచ్చేవి. 1894 నాటికి 15 పెన్నీలు కూడా రాలేదు. వెండి విలువ ఇంకా పడిపోతుందని అనుకున్నవాడు రూపాయల్లో వచ్చే వడ్డీ కాస్త ఎక్కువగా ఉంటే తప్ప రూపాయి పత్రం కొనడు. కాబట్టి రెండు రాబడుల మధ్య ఉన్న తేడాలో వెండి ఎంత పడుతుందన్న మార్కెట్ అంచనా దాగి ఉంటుంది. అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1896లో ప్రచురించిన ‘అప్రీసియేషన్ అండ్ ఇంటరెస్ట్’లో ఈ భారతీయ పత్రాలనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఒకే మనిషి రెండు కొలమానాల్లో అప్పు తీసుకుంటే ఆ రెండు వడ్డీ రేట్ల మధ్య ఉండాల్సిన సంబంధాన్ని కచ్చితంగా రాశాడు.

ఈనాడు బంగారం, వెండి స్థానంలో వేరే జంట ఉంది. ప్రభుత్వాలు డబ్బుల్లో తీర్చే మామూలు బాండు అమ్ముతాయి. ధరల సూచీతో పాటు అసలు పెరిగే మరో బాండు కూడా అమ్ముతాయి. ఈ రెండిటి రాబడుల నుంచి ఒక సంఖ్య పుడుతుంది. దాన్నే బ్రేక్ ఈవెన్ ద్రవ్యోల్బణ రేటు అంటారు. ఆ సంఖ్య ఎలా వస్తుంది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ అధ్యాయం.

బియ్యంతో మొదలుపెడదాం

మీ దగ్గర వెయ్యి రూపాయలు ఉన్నాయి. కిలో బియ్యం 50 రూపాయలు. అంటే మీ చేతిలో ఉన్నది 20 కిలోల బియ్యం. ఆ డబ్బును ఏడాదికి 8 శాతం వడ్డీకి ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 1,080 రూపాయలు వచ్చాయి. ఈలోగా బియ్యం ధర 5 శాతం పెరిగి 52 రూపాయల 50 పైసలైంది. ఇప్పుడు మీ డబ్బుకు ఎంత బియ్యం వస్తుంది?

1,080ని 52.50తో భాగిస్తే 20.57 కిలోలు. అంటే అదనంగా 0.57 కిలో. ఇరవై కిలోల మీద అది 2.86 శాతం. ఎనిమిదిలోంచి ఐదు తీసేసి “నికరంగా 3 శాతం మిగిలింది” అనడం మనకు అలవాటు. బియ్యం మాత్రం 2.86 అంటోంది. ఆ మిగిలిన 0.14 ఎటు పోయింది?

అసలు విలువ తగ్గిన సంగతిని మన తీసివేత పట్టుకుంది. కానీ వడ్డీగా వచ్చిన 80 రూపాయలు కూడా ఏడాది చివరి రూపాయలే. వాటి విలువ కూడా తగ్గింది. ఆ రెండో తరుగును తీసివేత చూడదు. భాగహారం చూస్తుంది.

ఫిషర్ రాసిన సంబంధమూ ఇదే. దీన్ని గుర్తుల్లో రాద్దాం. డబ్బుల్లో వచ్చే రాబడి n, సరుకుల్లో చూసుకుంటే మిగిలే నిజ రాబడి r, ధరల పెరుగుదల π అనుకుంటే,

```
(1 + n) = (1 + r) × (1 + π)
```

కుడివైపు విప్పితే ఇలా వస్తుంది:

```
n = r + π + r × π
```

చివర ఉన్న `r × π` మనం మరిచిపోయే ముక్క. నిజ రాబడి, ధరల పెరుగుదల రెండూ చిన్నవైతే ఆ గుణకారం ఇంకా చిన్నది. పైన 0.0286ను 0.05తో గుణిస్తే 0.0014 వస్తుంది, అంటే 0.14 శాతం. మనం వెతుకుతున్నది అదే. అయితే ధరలు విపరీతంగా పెరిగే చోట ఆ ముక్క చిన్నగా ఉండదు. వడ్డీ 100 శాతం, ధరల పెరుగుదల 80 శాతం ఉందనుకోండి. తీసివేస్తే 20 శాతం లాభం కనిపిస్తుంది. 2ని 1.8తో భాగిస్తే నిజంగా మిగిలేది 11 శాతమే.

తెలియనిది మారితే

బియ్యం లెక్కలో n, π తెలుసు, r కనుక్కున్నాం. బాండ్ల దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. మామూలు బాండు మనకు nను ముందే చెబుతుంది, కానీ అందులో నిజంగా ఎంత మిగులుతుందో చెప్పదు. సూచీ బాండు rను ముందే చెబుతుంది, కానీ చివరికి ఎన్ని డబ్బులు వస్తాయో చెప్పదు. రెండూ ఒకే ప్రభుత్వానివి, ఒకే గడువువి అయితే అదే సమీకరణం నుంచి π రాబట్టవచ్చు.

```
π = (1 + n) / (1 + r) − 1 = (n − r) / (1 + r)
```

ఇదే బ్రేక్ ఈవెన్ రేటు. ధరలు సరిగ్గా ఈ వేగంతో పెరిగితే ఏ బాండు కొన్నా ఒకటే. అంతకన్నా వేగంగా పెరిగితే సూచీ బాండు కొన్నవాడు గెలుస్తాడు. నెమ్మదిగా పెరిగితే మామూలు బాండు కొన్నవాడు గెలుస్తాడు. ఈ సంఖ్య అన్నిటికన్నా ముందు ఒక గట్టు. ఇటువైపు ఒకరి పొలం, అటువైపు ఇంకొకరిది. వాన ఎటువైపు పడుతుందో గట్టు చెప్పదు.

సూత్రం చివరి రూపంలో ఒక సంగతి కనిపిస్తుంది. తీసివేతను 1 + r తో భాగిస్తున్నాం. r సున్నా కన్నా ఎక్కువైతే ఉత్త తీసివేత π ను కాస్త ఎక్కువ చేసి చూపుతుంది. r సున్నా కన్నా తక్కువైతే కాస్త తక్కువ చేసి చూపుతుంది. ఈ రెండోది ఊహ కాదు. 2021లో అమెరికా పదేళ్ల సూచీ బాండు రాబడి మైనస్ ఒక శాతం కన్నా కిందికి దిగింది.

1997 నాటి బాండును విప్పి చూద్దాం

అమెరికా ట్రెజరీ తన మొదటి సూచీ బాండును 1997 జనవరి చివర్లో వేలం వేసింది. అలాంటి బాండ్లను ఇప్పుడు టిప్స్ అంటున్నారు. గడువు పదేళ్లు, కూపన్ 3.375 శాతం, వేలంలో తేలిన నిజ రాబడి 3.449 శాతం. అదే నెలలో పదేళ్ల మామూలు ట్రెజరీ బాండు రాబడి సగటున 6.6 శాతం దగ్గర ఉంది. ఈ జంట గడువు 2007లోనే తీరిపోయింది. కాబట్టి లెక్క మొదలూ చివరా రెండూ మన ముందున్నాయి.

ముందు ఈ బాండు ఎలా పని చేస్తుందో చూడాలి. అమెరికాలో నెలనెలా వెలువడే వినియోగదారుల ధరల సూచీతో దీని అసలు పెరుగుతుంది. సూచీ వెలువడడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక బాండు మూడు నెలల వెనకటి సూచీని వాడుతుంది. 1997 జనవరి 15 నాటి ప్రారంభ సూచీ 1996 అక్టోబర్ సంఖ్య 158.3, నవంబర్ సంఖ్య 158.6ల నడుమ రోజుల లెక్కన తేల్చింది. అది 158.435. అదే పద్ధతిలో 2007 జనవరి 15 నాటి సూచీ 201.665. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.2729. అంటే వెయ్యి డాలర్ల అసలు పదేళ్లకు దాదాపు 1,273 డాలర్లయింది. కూపన్ రేటు మారదు గాని, పెరిగిన అసలు మీద లెక్కిస్తారు కాబట్టి అదీ పెరుగుతుంది. మొదట్లో ఆరు నెలలకు 17 డాలర్ల లోపు ఉన్న వడ్డీ చివరికి 21 డాలర్ల 48 సెంట్లకు చేరింది.

ఇక బ్రేక్ ఈవెన్. ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. అమెరికా బాండ్ల రాబడిని ఆరు నెలల చక్రవడ్డీ పద్ధతిలో చెబుతారు. 6.6 శాతం అంటే ఆరు నెలలకు 3.3 శాతం చొప్పున రెండుసార్లు. ఫిషర్ సమీకరణం సరిగ్గా పని చేయాలంటే మూడు రేట్లూ ఒకే కాలానికి చెందాలి. కాబట్టి ముందు రెండిటినీ ఏడాది రేట్లుగా మార్చాలి.

```
n: 1.033   × 1.033   = 1.06709
r: 1.017245 × 1.017245 = 1.03479
π: 1.06709 / 1.03479 − 1 = 0.0312
```

ఏడాదికి 3.12 శాతం. నేరుగా తీసివేస్తే 3.15 వచ్చేది. కాలాన్ని మార్చకుండా ఏడాది రేట్లే అనుకుని భాగిస్తే 3.05 వచ్చేది. ఏదో ఒక సవరణ చేసి రెండోదాన్ని మరిచినవాడు, ఏ సవరణా చేయనివాడికన్నా ఎక్కువ తప్పులో పడ్డాడు. ఆరు నెలల పద్ధతిలో చెప్పిన రేట్ల మధ్య తీసివేత ఎందుకింత దగ్గరగా వచ్చిందంటే, చక్రవడ్డీ ఎంత తరచుగా పడితే మరిచిపోయే గుణకారం అంత చిన్నదవుతుంది. వడ్డీ క్షణక్షణం చేరుతోందని లెక్కిస్తే ఆ ముక్క పూర్తిగా మాయమై, తీసివేతే కచ్చితమైన జవాబు అవుతుంది. సమీకరణానికి రెండువైపులా లాగరిథం తీసుకుంటే గుణకారం కూడికగా మారిపోవడమే దానికి కారణం.

ఇప్పుడు పదేళ్లు ముందుకు వెళ్దాం. వచ్చిన వడ్డీని అదే రేటుకు మళ్లీ పెట్టారని అనుకుంటే, మామూలు బాండులో వెయ్యి డాలర్లు 1,914 అయ్యాయి. సూచీ బాండులో నిజ విలువ 1.408 రెట్లయింది. దాన్ని ధరల పెరుగుదల 1.2729తో గుణిస్తే 1,792 డాలర్లు. ఇద్దరూ సమానం కావాలంటే పదేళ్లలో ధరలు 36 శాతం పెరగాల్సింది. పెరిగింది 27 శాతం, అంటే ఏడాదికి 2.44. గట్టు 3.12 దగ్గర ఉంటే వాన ఇటువైపే ఆగిపోయింది. మామూలు బాండు కొన్నవాడు 122 డాలర్లు ఎక్కువ తీసుకెళ్లాడు.

దీన్నిబట్టి సూచీ బాండు కొన్నవాడు మోసపోయాడనలేం. ధరలు ఎంత పెరిగినా తన పొదుపుకు కొనే శక్తి తగ్గదన్న హామీ అతనికి పదేళ్లూ ఉంది. ఇల్లు కాలిపోలేదని బీమా కట్టినవాడిని తప్పుపట్టం కదా.

గట్టు కదిలిపోయిన రోజులు

ఆ హామీకి కూడా ఒక ధర ఉంటుంది. అందుకే బ్రేక్ ఈవెన్ సంఖ్యను మార్కెట్ అంచనాగా చదవకూడదు. అందులో మూడు పాళ్లు కలిసి ఉంటాయి. మొదటిది, ధరలు ఎంత పెరుగుతాయన్న సగటు అంచనా. రెండోది, ఆ అంచనా తప్పితే నష్టపోతామన్న భయానికి మామూలు బాండు కొనేవాడు అడిగే అదనపు రాబడి. ఇది బ్రేక్ ఈవెన్‌ను పైకి నెడుతుంది. మూడోది, అవసరమైనప్పుడు సూచీ బాండు తేలిగ్గా అమ్ముడుపోదన్న ఇబ్బందికి దాన్ని కొనేవాడు అడిగే అదనపు రాబడి. ఇది r ను పెంచుతుంది కనుక బ్రేక్ ఈవెన్‌ను కిందికి లాగుతుంది. మామూలు రోజుల్లో రెండో, మూడో పాళ్లు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. 2008లో అలా జరగలేదు.

ఆ ఏడాది జులైలో అమెరికా పదేళ్ల బ్రేక్ ఈవెన్ సుమారు 2.4 శాతం ఉంది. సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ కూలింది. డిసెంబర్ నాటికి పదేళ్ల మామూలు బాండు రాబడి 2.4 శాతం చుట్టూ, సూచీ బాండు రాబడి 2.2 చుట్టూ వచ్చి నిలిచాయి. మధ్య తేడా పావు శాతం. ఐదేళ్ల బాండ్ల దగ్గరైతే నవంబర్ చివర్లో బ్రేక్ ఈవెన్ మైనస్ 2 శాతం కన్నా కిందికి పోయింది. ఆ సంఖ్యలను అంచనాలుగా చదివితే, అమెరికాలో ఐదేళ్లపాటు ఏటా ధరలు తగ్గుతాయనీ పదేళ్లలో దాదాపు పెరగవనీ మార్కెట్ చెప్పినట్టు.

తర్వాత ఏం జరిగిందో సూచీలో ఉంది. 2008 నవంబర్‌లో 212.4 ఉన్న సూచీ ఐదేళ్లకు 233.1 అయింది. అంటే ఏటా 1.9 శాతం పెరిగింది. 2008 డిసెంబర్ నుంచి పదేళ్లు లెక్కిస్తే ఏటా 1.8 శాతం. గట్టు వాన పడ్డ చోటికి ఎంతో దూరంలో ఉంది.

ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. చమురు ధర కుప్పకూలడంతో జులైలో 220 దగ్గర ఉన్న సూచీ డిసెంబర్‌కు 210కి పడింది. రాబోయే నెలల్లో సూచీ బాండు అసలు తగ్గబోతోందని కొనేవాళ్లందరికీ తెలుసు. కానీ ఐదేళ్ల సగటును అంత లోతుకు లాగడానికి అదొక్కటే చాలదు. మిగతాది అమ్మకాల ఒత్తిడి. లేమన్ దగ్గర ఉన్న సూచీ బాండ్లు, అది తాకట్టు పెట్టినవి మార్కెట్లోకి వచ్చి పడ్డాయి. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన సంస్థలు కూడా అదే సమయంలో అమ్మాయి. అందరూ నగదు కోసం, ఎప్పుడైనా అమ్ముడుపోయే మామూలు ట్రెజరీ బాండ్ల కోసం ఎగబడ్డారు. మామూలు బాండు ధర పెరిగి n తగ్గింది. సూచీ బాండు ధర పడి r పెరిగింది. లెక్క మొత్తం సరిగ్గానే ఉంది. ఆ లెక్కలోకి వచ్చిన సంఖ్యలు మాత్రం ధరల గురించి కాక, ఎవరికి నగదు ఎంత అత్యవసరమన్న దాని గురించి మాట్లాడాయి. జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్, లూయిస్ విసైరా 2009లో రాసిన పరిశోధన వ్యాసంలో ఈ ఘట్టాన్ని వివరంగా పరిశీలించారు.

ఇలాంటి సమయంలో సంఖ్య చెడిందని ఎలా పసిగట్టాలి? ఒక పద్ధతి, అదే ప్రశ్నకు వేరే చోట జవాబు చూడడం. ద్రవ్యోల్బణ స్వాప్ అనే ఒప్పందంలో ఒకరు ముందే ఒప్పుకున్న రేటు, ఇంకొకరు నిజంగా జరిగిన ధరల పెరుగుదల చెల్లిస్తారు. అందులో బాండు కొనడానికి డబ్బు మొత్తం ముందే పెట్టక్కర్లేదు. 2008 చివర్లో స్వాప్ రేట్లు బాండ్ల బ్రేక్ ఈవెన్ కన్నా స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయి. ధరల గురించి అంచనా నిజంగా మారి ఉంటే రెండూ కలిసి నడవాలి. విడిపోయాయంటే చెడింది అంచనా కాదు, బాండు అమ్మే మార్కెట్.

ఇంకో పద్ధతి సూచీ బాండ్లను ఒకదానితో ఒకటి పోల్చడం. అమెరికా బాండులో ఒక కాపు ఉంది. గడువు తీరే రోజు అసలు మొదట జారీ చేసిన విలువ కన్నా తగ్గదు. అప్పుడే జారీ అయిన బాండుకు ఇది గట్టి రక్షణ, ధరలు తగ్గినా వంద వందే. చాలా ఏళ్ల కిందట జారీ అయి, అసలు వంద నుంచి 130కి పెరిగిన బాండుకు ఆ రక్షణ దాదాపు లేనట్టే. ధరలు తగ్గితే 130 నుంచి కిందికి జారుతుంది. రెండూ ఒకే సమయానికి తీరేవైనా కొత్తదాని రాబడి తక్కువగా, పాతదాని రాబడి ఎక్కువగా ఉంటుంది. 2008లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. పాత బాండుతో లెక్కిస్తే ఒక బ్రేక్ ఈవెన్, కొత్త బాండుతో లెక్కిస్తే ఇంకొకటి వస్తుంటే, దేన్నీ ధరల అంచనా అని ప్రకటించే హక్కు మనకు లేదు.

ఇంకో ఆనవాలు తర్వాత దొరికింది. 2009 ముగిసేసరికి పదేళ్ల బ్రేక్ ఈవెన్ మళ్లీ రెండు శాతం దాటింది. పదేళ్ల ధరల గురించి దేశమంతా తన అభిప్రాయాన్ని అంత తక్కువ కాలంలో రెండుసార్లు మార్చుకోదు. అమ్ముకోలేని ఇబ్బంది మాత్రం అంత వేగంగా వచ్చి పోగలదు.

ఏ ధరల సూచీ?

చివరి హెచ్చరిక మన దేశం నుంచే. భారత రిజర్వ్ బ్యాంక్ 2013 జూన్‌లో ప్రభుత్వం తరఫున పదేళ్ల సూచీ బాండు వేలం వేసింది. నిజ రాబడి 1.44 శాతంగా తేలింది. అదే సమయంలో పదేళ్ల మామూలు ప్రభుత్వ బాండు రాబడి సుమారు 7.2 శాతం. ఇవీ ఆరు నెలల పద్ధతిలో చెప్పిన రేట్లే కాబట్టి ముందు ఏడాది రేట్లుగా మార్చి సూత్రంలో పెట్టండి. 1.07330ను 1.01445తో భాగిస్తే ఏడాదికి 5.8 శాతం వస్తుంది.

కానీ ఆ బాండు ముడిపడింది టోకు ధరల సూచీతో. ఇంటి బడ్జెట్‌ను తాకే వినియోగదారుల సూచీ అప్పట్లో ఏటా 9, 10 శాతం వేగంతో పెరుగుతోంది. కిరాణా కొట్లో, అద్దె ఇంట్లో, బడి ఫీజులో కనిపించే ధరల గురించి ఆ 5.8 ఏమీ చెప్పలేదు. చమురు, లోహాల బరువు ఎక్కువగా ఉన్న టోకు సూచీ 2014 చివరి నుంచి ఏడాదికి పైగా సున్నా కన్నా కింద నడిచింది. వినియోగదారుల సూచీ మాత్రం పెరుగుతూనే ఉంది. సమీకరణంలోని π ఎప్పుడూ ఆ బాండు పట్టుకున్న సూచీదే. మన జేబుది కావాలంటే సూచీ కూడా మన జేబుదే అయి ఉండాలి. ఆ లోటు గమనించాకే 2013 డిసెంబర్‌లో సామాన్య పొదుపరుల కోసం తెచ్చిన సూచీ పొదుపు పత్రాలను వినియోగదారుల సూచీతో ముడిపెట్టారు.

బ్రేక్ ఈవెన్ ద్రవ్యోల్బణం ఇంత శాతమని ఇకపై పత్రికలో చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. రెండు రాబడులనూ ఒకే కాలపు రేట్లుగా మార్చి భాగించారా? సూచీ బాండు ఆ రోజు మామూలుగా అమ్ముడుపోతోందా? అది పట్టుకున్న సూచీ ఎవరి ధరలను కొలుస్తోంది? మూడిటికీ జవాబు దొరికితే ఆ సంఖ్యను అంచనాకు దగ్గరగా చదవవచ్చు. దొరకకపోతే అది రెండు బాండ్లు కొన్నవాళ్ల లాభనష్టాల మధ్య గట్టు మాత్రమే.